జింక్ బిళ్ళ వేస్తే కక్కుతున్నాడు, విరేచనాలు కూడా ఆగాయి. ఇంకా వెయ్యాలా?

"మా బాబుకి 14 నెలలు. విరేచనాలకి ఓఆర్ఎస్, జింక్ రాసిచ్చారు. మూడో రోజుకి విరేచనాలు ఆగాయి. కానీ బిళ్ళ వేసిన కాసేపటికే కక్కుతున్నాడు. ఇంక ఆపెయ్యొచ్చా?"

ఓఆర్ఎస్ ఆపొచ్చు, జింక్ మాత్రం ఆపకండి. మాది అనంతపురం. పోయిన ఎండాకాలం మా పాపకి ఏడాది నిండినప్పుడు నేనూ ఇక్కడే పొరపడ్డాను. నాలుగో రోజుకి విరేచనం గట్టిపడగానే బిళ్ళల అట్టని అల్మరాలో పడేశాను. టీకాకి వెళ్ళినప్పుడు ఏఎన్ఎమ్ అక్క అడిగి, మొత్తం 14 రోజులు వెయ్యాలని చెప్పింది. ఒంట్లోంచి పోయిన నీళ్ళు, ఉప్పు మళ్ళీ నింపడం ఓఆర్ఎస్ పని. విరేచనాలు ఆగితే దాని పని అయిపోతుంది. జింక్ దెబ్బతిన్న పేగు లోపలి పొర మళ్ళీ బాగుపడటానికి తోడ్పడుతుంది, తర్వాతి రెండు మూడు నెలల్లో మళ్ళీ విరేచనాలు పట్టుకునే అవకాశాన్నీ తగ్గిస్తుంది.

ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 ఎంజీ, అంటే ఒక బిళ్ళ. రెండు నుంచి ఆరు నెలల లోపు వాళ్ళకి సగం బిళ్ళ, పిండిన తల్లిపాలలో కలిపి. సిరప్ అయితే సీసా మీద చూడండి. 5 ఎంఎల్‌కి 20 ఎంజీ ఉన్నవీ ఉంటాయి, 10 ఎంజీ ఉన్నవీ ఉంటాయి. చెంచా లెక్క తప్పేది ఇక్కడే.

ఇక కక్కడం. జింక్ వల్ల ఎక్కువగా కనిపించే ఇబ్బంది ఇదే. నోట్లో ఇనుము నాకినట్టు రుచి, ఖాళీ కడుపులో అయితే వికారం. మా పాపకి పొద్దున్నే పాలకి ముందు వేసేదాన్ని, రోజూ కక్కేది. తర్వాత మధ్యాహ్నం పప్పన్నం తిన్న అరగంటకి, ఉగ్గుగిన్నెలో ఒక చెంచా కాచి చల్లార్చిన నీళ్ళు పోసి బిళ్ళ కరిగించి, కొంచెం కొంచెంగా పట్టాను. బిళ్ళ నిమిషంలోపే కరిగిపోతుంది, నలపాల్సిన పని లేదు. రెండు రోజులు అలా కూడా నిలవకపోతే పొద్దున సగం, సాయంత్రం సగం చేశాను. ఆ తర్వాత కక్కలేదు. వేసిన అరగంటలోపు కక్కితే కాసేపాగి ఇంకోసారి వెయ్యొచ్చు. అరగంట దాటితే ఆ రోజుకి వదిలెయ్యండి.

ఇంత చేసినా నిలవకపోతే, మోతాదు తగ్గించొచ్చా అని డాక్టర్‌నే అడగండి. మన దేశంలోనూ టాంజానియాలోనూ జరిగి 2020లో వచ్చిన ఒక అధ్యయనంలో, తక్కువ మోతాదు తీసుకున్న పిల్లల్లో వాంతులు తగ్గాయి. కానీ మనంతట మనమే తగ్గించకూడదు. ఐరన్ చుక్కలు కూడా వేస్తుంటే రెండూ ఒకేసారి కాకుండా గంటల తేడాతో వెయ్యండి.

ఒక్క మాట. బిళ్ళ వేసినప్పుడే కాకుండా ఏది తాగినా కక్కుతున్నా, విరేచనంలో రక్తం పడినా, కళ్ళు లోపలికి పోయినా, ఆరు గంటలుగా ఒంటేలు పోయకపోయినా, మత్తుగా పడి ఉన్నా అది జింక్ వల్ల అనుకుని ఇంట్లో కూర్చోకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి.