కొడుకుతో మాట్లాడాల్సింది మీరు కాదమ్మా, వాళ్ల నాన్న

"మేడం, మాది మునుగోడు దగ్గర ఊరు. పత్తి వేస్తాం, రెండెకరాల బత్తాయి తోట ఉంది. మా బాబుకు పదహారేళ్లు. రోజూ బస్సులో నల్లగొండ వెళ్లి ఇంటర్ ఫస్టియర్ చదువుతున్నాడు. దసరా నుంచి రెండు నెలలుగా మనిషే మారిపోయాడు. ఏది అడిగినా కసురుకుంటాడు. మొన్న అన్నం కంచం విసిరికొట్టాడు. రాత్రి ఒంటిగంటకు గాని నిద్రపోడు, మళ్లీ మూడింటికే లేచి వాకిట్లో కూర్చుంటాడు. ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకుంటాడు, అయినా నీరసమే అంటాడు. క్రికెట్ మానేశాడు, దోస్తులు ఇంటికొచ్చినా బయటికి రాడు. అంతా ఫోన్ వల్లేనని వాళ్ల నాన్న నాతో చెప్పించి ఫోన్ తీయించాడు. మూడు వారాలైంది, ఏం మారలేదు. ఆయన వాడితో నేరుగా మాట్లాడడు, ఏదైనా నాతోనే చెప్పిస్తాడు. చెర్వుగట్టుకు రెండు అమావాస్యలు తీసుకెళ్లాను. మొన్న 'నేను లేకుంటే మీకు రంది ఉండదు' అన్నాడు. ఈ వయసులో పిల్లలు ఇట్లనే ఉంటారని మా ఆడబిడ్డ అంటుంది. వాళ్ల నాన్న హైదరాబాద్ హాస్టల్లో వేద్దామంటున్నాడు. వేస్తే దారికొస్తాడా?"
– ఒక తల్లి, నల్లగొండ జిల్లా

అమ్మా, హాస్టల్లో వేయకండి. ఆ సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట చివర్లో ఉంది. 'నేను లేకుంటే మీకు రంది ఉండదు' అని పదహారేళ్ల పిల్లవాడు అన్నాడంటే దాన్ని కోపంలో జారిన మాటగా తీసుకోవద్దు. ఈ రోజే రెండు పనులు చేయండి. పత్తికి, తోటకు కొట్టే మందు డబ్బాలు ఇంట్లో గాని, పశువుల కొట్టంలో గాని ఉంటే తీసి, వాడి చేతికి అందని చోట తాళం వేసి పెట్టించండి. ఇంట్లో ఉన్న మాత్రలు కూడా అలాగే. ఆ ఆలోచన చాలామందికి ఒక్క ఊపులో వస్తుంది, కాసేపటికి పోతుంది. ఆ కాసేపట్లో చేతికి ఏమీ అందకపోవడం ప్రాణం నిలబెడుతుంది. రెండోది, వాడిని సూటిగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాన్నా?" అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని మన ఇళ్లలో భయం. అవదు. అడిగితే పిల్లలకు బరువు దిగుతుంది. అవునన్నా, ఎలా చేసుకోవాలో ఆలోచించానన్నా వాడిని ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. అర్ధరాత్రి ఏం తోచకపోతే టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

ఇక మీ ఆడబిడ్డ మాట. ఈ వయసులో పిల్లలు చిరాకుపడతారన్నది నిజమే. కానీ మామూలు చిరాకుకు ఒక కారణం కనిపిస్తుంది. మార్కులు తగ్గాయనో, అడిగింది కొనివ్వలేదనో ఇంట్లో తలుపు ధన్‌మని వేస్తాడు. గంటకో పూటకో చల్లబడతాడు. అమ్మానాన్నల మీద ఎగిరిన పిల్లవాడే దోస్తు బండి హారన్ వినిపిస్తే నవ్వుకుంటూ పరుగెత్తుతాడు. ఆట మీద, తిండి మీద, సినిమా మీద మోజు అలాగే ఉంటుంది. మీ వాడికి ఆ దోస్తులే వాకిట్లోకి వచ్చినా బయటికి రావాలనిపించడం లేదు. కోపం ఇంట్లోనే ఉండి బయట సంతోషం ఉంటే నేనూ మీ ఆడబిడ్డ మాటే అనేదాన్ని. సంతోషం అన్ని చోట్లా పోయింది, అదీ రెండు నెలలుగా. డాక్టర్లు చూసే గడువు రెండు వారాలే. దాదాపు రోజూ, రోజులో ఎక్కువ సేపు ఇలా ఉండి, దానితోపాటు నిద్ర, ఆకలి, ఓపిక, చదువు మీద ధ్యాస వంటివి దెబ్బతింటే డిప్రెషన్ అని అనుమానిస్తారు.

డిప్రెషన్ అంటే దిగులుగా కూర్చుని ఏడవడమేనని మనం అనుకుంటాం. పెద్దవాళ్లలో ఎక్కువగా అలాగే కనిపిస్తుంది. పిల్లల్లో, ఈ వయసువాళ్లలో మాత్రం దిగులు చోటులో చిరాకు రావచ్చు. డాక్టర్లు వాడే పుస్తకాల్లో కూడా ఈ వయసుకు చిరాకును దిగులుతో సమానంగానే లెక్కిస్తారు. మగపిల్లల విషయంలో ఇది ఇంకా మరుగున పడుతుంది, ఎందుకంటే 'మగవాడివై ఏడుస్తావా' అని మనమే చిన్నప్పుడు నోరు మూయించాం. ఏడవలేనివాడు కంచం విసిరాడు. విసరడం తప్పు కాదని నేను చెప్పను. అది ఎక్కడి నుంచి వచ్చిందో చూడమంటున్నాను.

నిద్ర దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే మీ ఉత్తరంలో జవాబు అక్కడే ఉంది. పన్నెండు, పదమూడేళ్లు దాటాక పిల్లల ఒంట్లో నిద్ర గడియారం వెనక్కి జరుగుతుంది. నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోన్ గంట, రెండు గంటలు ఆలస్యంగా ఊరుతుంది. అందుకే పదింటికి పడుకోమంటే నిద్ర రాదు, తెల్లవారి బస్సుకు లేవమంటే లేవలేరు. వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి, కాలేజీ రోజుల్లో అది దొరకదు. ఆ బాకీ ఆదివారం తీర్చుకుంటారు. ఇదంతా మామూలే, సోమరితనం కాదు. మామూలు పిల్లవాడు ఆదివారం పదింటిదాకా పడుకుని లేస్తే మొహం తేటగా ఉంటుంది, ఆకలి అంటాడు, ఆటకు పోతాడు.

మీ వాడు మధ్యాహ్నం దాకా పడుకున్నా నీరసమే అంటున్నాడు. పైగా రాత్రి రెండు గంటలు పడుకుని మూడింటికి లేస్తున్నాడు. నిద్ర గడియారం వెనక్కి జరిగినవాడికి పడుకోవడం ఆలస్యమవుతుంది గాని, పట్టిన నిద్ర నడిరాత్రి తెగిపోదు. తెగి, మళ్లీ పట్టక, ఒక్కడే చీకట్లో కూర్చోవడం వయసు లక్షణం కాదు. రాత్రి ఫోన్ చూస్తే నిద్ర ఆలస్యమవుతుందన్న మాట నిజమే. కానీ మీ ఆయనే తెలియకుండా ఒక పరీక్ష పెట్టాడు. ఫోన్ తీసి మూడు వారాలైనా నిద్ర రాలేదంటే, ఫోన్ ఒక్కటే కారణం కాదని తేలిపోయింది. నిద్ర రాకనే వాడు ఫోన్ పట్టుకుని ఉండొచ్చు కూడా.

ఇప్పుడు అసలు సంగతి. మీ ఇంట్లో తండ్రికీ కొడుక్కీ మధ్య మీరు మాటలు మోస్తున్నారు. ఆయన కోపాన్ని సగం చేసి కొడుక్కి చెబుతారు, కొడుకు బాధను సగం చేసి ఆయనకు చెబుతారు. గొడవ కాకూడదని చేస్తున్నారు, నాకు తెలుసు. దాని వల్ల జరిగిందేమిటి? కొడుకు దృష్టిలో నాన్న అంటే ఫోన్ తీయించినవాడు, హాస్టల్‌కు పంపబోయేవాడు. ఆయన దృష్టిలో కొడుకు అంటే మీ గారాబం వల్ల పాడైనవాడు. మూడింటికి వాకిట్లో కూర్చున్న పిల్లవాణ్ని ఆయన ఒక్కసారైనా దగ్గర కూర్చుని చూశాడా? ఎండలో, అప్పుల్లో నలిగేది వీడి కోసమే కదా అని ఆయన అనుకుంటాడు. ఆ కష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ ఫీజు కట్టడంతో తండ్రి పని అయిపోదు. ఎదిగిన కొడుకు ముందు తండ్రి ఒక మెట్టు దిగితే పరువు పోతుందనే పట్టింపు మన దగ్గర చాలా ఇళ్లలో చూశాను. నాకు అది నచ్చదు.

అందుకే మీరు ఈ రోజు నుంచి మాటలు మోయడం మానేయండి. "మీరే అడగండి" అని ఆయనతో, "నాన్నకే చెప్పు" అని వాడితో అనండి. కొన్ని రోజులు ఇల్లు గంభీరంగా ఉంటుంది, ఓర్చుకోండి. ఆయన చేయాల్సింది పెద్ద ఉపన్యాసం కాదు. తోటకు పోయేటప్పుడు వాణ్ని బండెక్కించుకుని పోవాలి, అక్కడ ఒక్క మాట అడగాలి: "రాత్రి నిద్ర పట్టట్లేదంట కదరా, ఏమైతుంది? నేను కోప్పడను." తర్వాత ఊరుకోవాలి. మొదటి రోజు వాడు ఏమీ అనకపోవచ్చు, లేదా కసురుకోవచ్చు. మరునాడు మళ్లీ తీసుకుపోవాలి. మార్కులు, ఎంసెట్, పక్కింటివాళ్ల పిల్లవాడు, ఈ మూడు మాటలు ఇప్పుడు ఎత్తకూడదు. చేయి అసలే ఎత్తకూడదు.

డాక్టర్ దగ్గరికి మాత్రం ఈ మాటలు కుదిరేదాకా ఆగొద్దు, ఈ వారమే వెళ్లండి. నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంటుంది. డాక్టర్ మీతో మాట్లాడి, తర్వాత వాడితో ఒంటరిగా మాట్లాడతారు. అప్పుడు మీరు బయట ఉండాలి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు రాయొచ్చు, రక్తహీనతలోనూ థైరాయిడ్ తేడాలోనూ నీరసం, చిరాకు ఉంటాయి కాబట్టి. సిగరెట్, మందు, గంజాయి గురించి అడుగుతారు, తప్పుపట్టుకోకండి. మీ రెండు వైపులా ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉందా అని అడిగితే దాచొద్దు. ఎప్పుడైనా కొన్ని రోజులు నిద్ర లేకుండానే పట్టలేనంత హుషారుగా, మితిమీరిన మాటలతో ఉన్నాడా అని కూడా అడుగుతారు. అలా ఉంటే జబ్బు వేరు, మందులూ వేరు.

తేలికగా ఉంటే కౌన్సెలింగ్‌తోనే మొదలుపెడతారు, కొన్ని వారాల పాటు వరసగా వెళ్లాలి. ఎక్కువగా ఉంటే దానితోపాటు మాత్ర ఇస్తారు. ఈ వయసుకు ఎక్కువగా ఇచ్చేది ఫ్లూఒక్సెటీన్. అది నిద్రమాత్ర కాదు, అలవాటు పడేదీ కాదు. గుణం తెలియడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, వారానికే పని చేయలేదని మానేయొద్దు. మొదటి వారాల్లో కొందరు పిల్లల్లో కుదురులేనితనం, చచ్చిపోవాలన్న ఆలోచన పెరగొచ్చు. ఆ రోజుల్లో కళ్లలో పెట్టుకుని చూడాలి, తేడా కనిపిస్తే గడువు రాకముందే డాక్టర్‌కు చెప్పాలి. హుషారు రాగానే సొంతంగా ఆపేయకూడదు. తగ్గాక కూడా కొన్ని నెలలు కొనసాగించమంటారు.

చెర్వుగట్టుకు వెళ్లాలనిపిస్తే వెళ్లండి, స్వామి మీద మీ నమ్మకం మీది. అయితే అమావాస్య రాత్రంతా ఆ జనంలో వాణ్ని మేలుకోబెట్టకండి. నిద్ర చెడినవాడికి అది మంచిది కాదు. పగలు దర్శనం చేయించి తీసుకురండి.

ఆసుపత్రికి మీ ఆయన్ని వెంట తీసుకెళ్లండి, వాడి పక్కన బస్సులో ఆయన్నే కూర్చోమనండి. 'పిచ్చి డాక్టర్ దగ్గరికి నేను రాను' అని ఆయన అంటే వాదన పెట్టుకుని వారం పోగొట్టుకోకండి, మీరే తీసుకెళ్లండి. వచ్చేసారికి ఆయన్ను పిలిపించమని డాక్టర్‌కు చెప్పండి. మీరు అడిగితే రానివాడు డాక్టర్ పిలిస్తే వస్తాడు.