దుబాయ్ టికెట్‌లో పోయేటప్పుడు రెండున్నర గంటలు, వచ్చేటప్పుడు అయిదు గంటలు ఎందుకు?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర. హైదరాబాద్‌లో ఉదయం 10:00కి ఎక్కితే దుబాయ్‌లో 12:20కి దిగుతామట. తిరుగు ప్రయాణం 14:00కి బయల్దేరి 18:50కి హైదరాబాద్. వచ్చేటప్పుడు అంత ఆలస్యమా? ఆ రాత్రే రాజమండ్రి ఫ్లైట్ విడిగా కొనుక్కోవచ్చా?

జవాబు: టికెట్ మీద ఉన్నవి ఏ ఊరి టైము ఆ ఊరిదండీ. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక. ఆ లెక్క సరిచేస్తే పోవడానికి 3 గంటల 50 నిమిషాలు, రావడానికి 3 గంటల 20. అంటే వచ్చేటప్పుడే అరగంట తక్కువ.

ఆ అరగంట గాలిది. భూమి తూర్పుకి తిరగడం వల్ల అని చాలామంది అనుకుంటారు గానీ, గాలి కూడా భూమితోపాటే తిరుగుతుంది కాబట్టి అది కారణం కాదు. చలికాలంలో పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకి బలమైన గాలి వీస్తుంది. దాన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. గోదాట్లో పడవ వాలుకి పోవడానికీ, ఎదురెక్కడానికీ ఉన్న తేడాయే ఇదీ.

దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. విమానం వేగం గంటకి 830, గాలి సగటున 60 అనుకోండి. పోయేటప్పుడు 770 మిగులుతుంది, 3 గంటల 19 నిమిషాలు. వచ్చేటప్పుడు 890 అవుతుంది, 2 గంటల 52. విమానం రన్‌వే దాకా నేల మీద పోవడం, పైకి లేవడం, కిందికి దిగడం కలిపి చెరో అరగంట వేస్తే పై లెక్కే వస్తుంది. వానాకాలంలో మన వైపు పైగాలి తూర్పు నుంచి తిరుగుతుంది కాబట్టి ఈ తేడా తగ్గుతుంది, ఒక్కోసారి తారుమారవుతుంది కూడా.

ఎదురుగాలి 60 బదులు 100 అయినా దుబాయ్‌కి పదకొండు నిమిషాలే ఆలస్యం. కాబట్టి ఈ దూరానికి గాలి గురించి బెంగ అక్కర్లేదు, షెడ్యూల్లో అది ముందే కలిపి ఉంటుంది. దుబాయ్ నుంచి న్యూయార్క్ లాంటి పొడవైన దారిలో మాత్రం పోవడానికి సుమారు 14 గంటలు, రావడానికి పన్నెండున్నర. అక్కడ గాలి ముదిరితే కనెక్షన్ నిజంగానే కొట్టుకుపోవచ్చు.

మీ అసలు ఇబ్బంది హైదరాబాద్‌లో ఉంది. 18:50కి దిగాక ఇమిగ్రేషన్, బెల్టు దగ్గర సామాను, కస్టమ్స్ కలిపి గంటంబావు వేసుకోండి, 20:05. విడి టికెట్ అయితే సామాను మళ్ళీ చెకిన్ చేయాలి. ఆ కౌంటర్ మామూలుగా ఫ్లైట్‌కి గంట ముందే మూసేస్తారు. అంటే 21:05 ఫ్లైట్ కూడా అంచు మీదే. అంతర్జాతీయ, దేశీయ ఫ్లైట్లు ఒకే టెర్మినల్‌లో ఉండటం కొంత నయం. నన్నడిగితే మూడు గంటలు ఉంచుకోండి, 21:50 తర్వాతది చూడండి. రాజమండ్రి చివరి ఫ్లైట్ అంతకన్నా ముందే ఉంటే ఆ రాత్రికి ఆశ వదిలేయడం మేలు.

దుబాయ్ నుంచి రాజమండ్రి దాకా ఒకే టికెట్ దొరికితే కాస్త ఎక్కువైనా అదే కొనండి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పితే, తర్వాతి ఫ్లైట్‌లో కూర్చోబెట్టే పూచీ వాళ్ళది. విడి టికెట్లలో డబ్బు పోయినట్టే. మర్నాడు పొద్దుటి ఫ్లైట్ తీసుకుంటే, డిసెంబరు, జనవరిల్లో మంచు వల్ల రాజమండ్రి ఎయిర్‌పోర్టు ఉన్న మధురపూడిలో దిగడం ఆలస్యం కావచ్చని లెక్కలో పెట్టుకోండి.