ఎల్ఈడీ వెలిగి ఆరుతూనే ఉంది, మెయిన్ లూప్ మాత్రం ఆగిపోయింది. ఎక్కడ వెతకాలి?

"ఎస్టీఎం32 మీద సెన్సార్ పల్స్ లెక్కపెట్టే కోడ్ రాశాను. టేబుల్ మీద గంటల తరబడి బాగానే నడుస్తుంది, సైట్‌లో పెడితే ఎప్పుడో ఒకసారి బిగుసుకుపోతుంది. ఎల్ఈడీ మాత్రం మామూలుగానే బ్లింక్ అవుతోంది. హార్డ్‌వేర్ నాయిసా?"

నాయిస్ అనుకునే నేనూ ఒక రాత్రంతా పోగొట్టుకున్నానండి. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు అప్పటికి. ఆకివీడు వైపు ఒక రొయ్యల చెరువు దగ్గర ఏరియేటర్ కంట్రోలర్ పెట్టాం. గంటకోసారి పది నిమిషాలు ఆపి మళ్లీ వేయాలి, చక్రం నిజంగా తిరుగుతోందో లేదో షాఫ్ట్‌కి అంటించిన అయస్కాంతం పల్స్‌లు ఇచ్చి చెప్పాలి, అంతే పని. ఆపడం బాగానే ఆపేది, కానీ కొన్నిసార్లు మళ్లీ వేసేది కాదు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. అదృష్టం కొద్దీ మిగతా ఏరియేటర్లు మామూలు స్టార్టర్ల మీదే నడుస్తున్నాయి.

రాత్రి తొమ్మిదికి గట్టు మీద షెడ్డులో కూర్చున్నాను. బోర్డు మీద ఎల్ఈడీ చక్కగా బ్లింక్ అవుతోంది కాబట్టి చిప్ బతికే ఉందని తేల్చేసుకున్నాను (మొదటి తప్పు). ఇక మిగిలింది కాంటాక్టరే అనుకుని కాయిల్‌కి స్నబ్బర్ కట్టాను, వైర్లు మార్చాను, ఎర్త్ చూశాను. గంటకి ఒక్క అవకాశమే వస్తుంది కదా, అలా పన్నెండున్నర అయింది. కాపలా ఆయన టీ ఇస్తూ "బాబూ, ఆపగానే చక్రం ఇంకో అర చుట్టు తిరిగి ఆగిందండి, అలా తిరిగినప్పుడే మళ్లీ లేవట్లేదండి" అన్నారు. నేను తలూపి మళ్లీ వైర్ల మీద పడ్డాను. ఆ మాట అప్పుడే పట్టించుకుని ఉంటే ఒంటిగంటకి పడుకునేవాణ్ణి.

తర్వాత కాస్త బుర్ర పనిచేసి, ఒక నిమిషం ఆన్, ఇరవై సెకన్లు ఆఫ్ అయ్యేలా కోడ్ మార్చాను. పదిసార్లు ఆపితే మూడు నాలుగు సార్లు బిగుసుకుంది. కానీ డీబగ్గర్ తగిలించిన ప్రతిసారీ నా సెట్టింగ్ చిప్‌ని రీసెట్ చేసేది, దాంతో మళ్లీ అంతా బాగానే ఉన్నట్టు కనిపించేది. మూడింటికి గానీ రీసెట్ చేయకుండా అటాచ్ అయి, హాల్ట్ చేసి చూడాలని తట్టలేదు.

```
(gdb) p/x $xpsr & 0x1ff
$1 = 0x16
(gdb) x/wx 0x40010414
0x40010414: 0x00000001
```

మొదటిది చిప్ అప్పుడు ఏ ఎక్సెప్షన్‌లో ఉందో చెప్పే నంబర్. 0x16 అంటే 22, నా ఎఫ్103లో అది `EXTI0` హ్యాండ్లర్. రెండోది `EXTI->PR`, అందులో పెండింగ్ బిట్ ఇంకా 1గానే ఉంది. వదిలి మళ్లీ హాల్ట్ చేస్తే అక్కడే, ఇంకోసారి చేసినా అక్కడే. కోడ్ ఇదీ:

```c
void EXTI0_IRQHandler(void)
{
    if (!aerator_on) return;
    pulse_count++;
    EXTI->PR = EXTI_PR_PR0;
}
```

కాంటాక్టర్ వదిలేశాక చక్రం ఊపు మీద ఇంకాస్త తిరుగుతుంది. ఆ కాస్తలో అయస్కాంతం సెన్సార్ ముందు నుంచి పోతే ఒక పల్స్ వస్తుంది. అప్పటికి `aerator_on` సున్నా కాబట్టి ఫ్లాగ్ క్లియర్ చేయకుండానే రిటర్న్ అయిపోతాం. ఫ్లాగ్ అలాగే ఉంది కాబట్టి ప్రాసెసర్ మెయిన్‌లోకి దిగకుండా మళ్లీ అదే హ్యాండ్లర్‌లోకి వెళ్తుంది. `aerator_on`ని 1 చేయాల్సింది మెయినే, ఆ మెయిన్‌కి వంతే రాదు. ఇక తెగదు. అయస్కాంతం ఎక్కడ ఆగిందన్న దాన్ని బట్టి ఒకసారి వచ్చేది, ఒకసారి రాదు. ఆఫీసులో పల్స్‌లు ఇచ్చిన బొమ్మ సర్క్యూట్ రిలే పడగానే ఠక్కున ఆగిపోయేది, అందుకే అక్కడ ఎన్ని గంటలు నడిపినా దొరకలేదు.

మరి ఎల్ఈడీ? దాన్ని సిస్‌టిక్ హ్యాండ్లర్‌లో బ్లింక్ చేశాను, సిస్‌టిక్‌కి `EXTI0` కన్నా పై ప్రయారిటీ ఇచ్చాను. కాబట్టి మెయిన్ చచ్చినా అది నడుస్తుంది. ఇంకా సిగ్గుచేటు ఏంటంటే వాచ్‌డాగ్‌ని కూడా అక్కడే రిఫ్రెష్ చేస్తున్నాను, అది కరవాల్సిన రోజున కరవలేదు.

క్లియర్ లైన్‌ని హ్యాండ్లర్‌లో మొట్టమొదటి లైనుగా పెట్టాను. అలా పెడితే మధ్యలో ఏ రిటర్న్ ఉన్నా ఫర్వాలేదు, పైగా హ్యాండ్లర్ నడుస్తుండగా వచ్చిన కొత్త పల్స్ కూడా పోదు. ఈ రిజిస్టర్‌లో 1 రాస్తేనే బిట్ క్లియర్ అవుతుంది, అందుకని `|=` వాడకండి, పెండింగ్‌లో ఉన్న మిగతా లైన్లు కూడా తుడిచిపెట్టుకుపోతాయి. టైమర్ల `SR`లో మాత్రం ఇది తిరగబడుతుంది, అక్కడ 0 రాయాలి. `NVIC_ClearPendingIRQ` ఒక్కటే పిలిస్తే ఉపయోగం లేదు, అసలు ఫ్లాగ్ ఉన్నంతసేపూ అది మళ్లీ పెండింగ్ అవుతుంది.

నాలుగున్నరకి కోడ్ ఎక్కించి, వరసగా నలభైసార్లు ఆపి వేశాను. ఒక్కసారి కూడా బిగుసుకోలేదు. వాచ్‌డాగ్ రిఫ్రెష్‌ని, ఎల్ఈడీని మెయిన్ లూప్‌లోకి మార్చాకే బస్సెక్కాను.

మీ ఎల్ఈడీ ఏ ఫంక్షన్‌లో బ్లింక్ అవుతోందో ముందు చూడండి. ఈసారి బిగుసుకున్నప్పుడు పవర్ తీయకుండా, రీసెట్ కొట్టకుండా హాల్ట్ చేసి, ఆ రెండు విలువలూ ఇక్కడ పెట్టండి.