వనభోజనాలకు రెండో తేదీ

చిరంజీవి అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

మీ కాలేజీ పూర్వ విద్యార్థుల కార్తీక వనభోజనాల బాధ్యత ఈసారి నీమీద పడిందని మీ నాన్న చెప్పాడు. అంబాజీపేట పక్కన కొబ్బరితోట, 240 మంది, మనిషికి 500 రూపాయలు, 2026 నవంబరు 15 ఆదివారం. వంటలు, ఆటలు నువ్వు చక్కగా చూసుకుంటావు. నేను రాసేది వాన గురించి, వానొస్తే ఆ 240 మందినీ ఇంకో రోజుకి ఎలా మార్చుకోవాలన్న దాని గురించి.

కార్తీకం మనకి వనభోజనాల నెలయితే బంగాళాఖాతానికి తుఫాన్ల నెల. 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను కోనసీమలో కొబ్బరితోటల్ని ఎలా పడగొట్టిందో మీ నానమ్మ ఇప్పటికీ చెబుతుంది. మొన్న 2025లో మొంథా అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ నరసాపురం దగ్గర తీరం దాటింది. అప్పటికి కార్తీకం వచ్చి వారం. అందుకని వాన పడితే చూద్దాంలే అనుకోకుండా, టిక్కెట్లు అమ్మకముందే రెండో తేదీ ఖాయం చెయ్యి. ఒకటో తేదీ, రెండో తేదీ రెండూ ఒకే రోజు, ఒకే కాగితం మీద రాసుకో.

రెండో తేదీ నవంబరు 29 పెట్టమంటాను. ఈసారి కార్తీకంలో ఆదివారాలు నాలుగు: నవంబరు 15, 22, 29, డిసెంబరు 6. వెంటనే వచ్చే 22 ఎందుకు వద్దంటే, మనది ఒండ్రు నేల, నీళ్లు తొందరగా లాగదు. గట్టి వాన పడితే తోటలో బోదెలు నిండి, డ్రెయిన్లు కూడా నిండుగా ఉండి, ఎండ కాసినా వారం దాకా అడుగు దిగబడుతూనే ఉంటుంది. పైగా ఒక అల్పపీడనం వెనకే ఇంకోటి రావడం ఈ నెలలో మామూలే. రెండు వారాలు ఎడం ఉంటే నేల ఆరుతుంది, మనుషులు కూడా సెలవులు సర్దుకుంటారు. డిసెంబరు 6 దాకా లాగితే మరీ నెలాఖరు, రెండు రోజుల్లో అమావాస్య వచ్చేస్తుంది. ఉసిరిచెట్టు కింద కార్తీకంలోనే తినాలని పట్టింపు ఉన్న పెద్దవాళ్లు మీ సంఘంలో ఉంటారు కదా, 29 అయితే వాళ్లకీ ఇబ్బంది లేదు. ఒక్కటి మాత్రం చూసుకో: 29న పెద్ద పెళ్లిముహూర్తం ఉందేమో పురోహితుణ్ణి అడుగు. ముహూర్తం ఉంటే వంటమేస్త్రి, టెంటుహౌస్, జనరేటరు ఏదీ దొరకదు.

వీళ్లందరితో ముందే ఒక మాట అనుకోవాలి. ఇచ్చిన అడ్వాన్సు 15కి గానీ 29కి గానీ ఏదో ఒకదానికి చెల్లాలి. 29ని మనకోసం ఖాళీగా ఉంచినందుకు కొంచెం విడిగా అడిగితే ఇచ్చెయ్యి, అది న్యాయమే. వాళ్లు ఆ రోజు ఇంకొకళ్ల పని వదులుకుంటున్నారు. 15న అంతా బాగా జరిగిపోతే 29 వాళ్లకి వదిలేస్తున్నామని అదే సాయంత్రం ఫోన్ చేసి చెప్పెయ్యి.

ఇక ఎప్పుడు నిర్ణయించాలన్నది. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి. ఆ గడియ ఎందుకంటే, బియ్యం, పప్పులు, నూనె ఇంట్లో ఉన్నా పాడవ్వవు. పాడయ్యేవి కూరగాయలు, పాలు, పెరుగు, అరిటాకులు. మేస్త్రి శనివారం తెల్లారకుండా మడికి మార్కెట్టుకి వెళ్తాడు, ఆకులు రావులపాలెం నుంచి వస్తాయి. శుక్రవారం సాయంత్రం ఆపితే ఇవేవీ కొనడు, శనివారం ఆపితే సగం డబ్బు నేలపాలు. హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లు కూడా శుక్రవారం రాత్రో శనివారం రాత్రో రైలెక్కుతారు. రైలు టైము దగ్గరపడేకొద్దీ టిక్కెట్టు రద్దు చేసుకుంటే కోత పెరుగుతుంది.

నిర్ణయానికి వాట్సాప్‌లో తిరిగే వీడియోలు చూడకు. అమరావతి వాతావరణ కేంద్రం రోజూ జిల్లాలవారీగా ఇచ్చే హెచ్చరికలు mausam.imd.gov.in లో ఉంటాయి. ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగులు. శుక్రవారం మధ్యాహ్నం బులెటిన్‌లో ఆదివారానికి కోనసీమ జిల్లా నారింజలో గానీ ఎరుపులో గానీ ఉంటే మరో ఆలోచన లేకుండా వాయిదా వెయ్యి. ఆకుపచ్చయితే సాగిపో. పసుపు దగ్గరే తడబాటంతా. అప్పుడు రంగు కింద ఉన్న మాటలు చదువు. ‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఎక్కువ ఊళ్లలో పడదని, ‘చాలా చోట్ల’ అంటే మన తోటా అందులోదేనని అనుకో. ‘భారీ వర్షం’ అంటే వాళ్ల లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటిందని. తుఫాను కాదుగా, వట్టి అల్పపీడనమేగా అని తేలిగ్గా తీసుకునేవాళ్లు ఉంటారు. వాళ్ల మాట వినకు. పేరులేని అల్పపీడనం కూడా రోజంతా ముసురు పట్టించగలదు, మన విస్తళ్లు తడవడానికి అది చాలు.

పసుపు ఉన్న రోజు ఇంకో పని చెయ్యి. తోటలోకి వెళ్లి, బంతి వేసే చోట మడమతో గట్టిగా తొక్కు. ఆ గుంటలో నీళ్లు ఊరితే ఆదివారం చినుకు పడకపోయినా కుర్చీకాళ్లు దిగబడతాయి, కార్లు కాలవగట్టు మీద జారతాయి. నేల తడిగా ఉండి, పసుపు హెచ్చరిక కూడా ఉంటే వాయిదాయే మంచిది. నేల గట్టిగా ఉండి ‘ఒకటి రెండు చోట్ల’ అనే ఉంటే జరుపుకోవచ్చు. కానీ ఉరుము వినపడగానే అందర్నీ తోటలోంచి పక్కా ఇంట్లోకో బడిలోకో పంపించు. కొబ్బరిచెట్టు మీద పిడుగు పడటం మనం ఎరిగిందే. ఆఖరి ఉరుము తర్వాత అరగంట గడిచాకే మళ్లీ తోటలోకి.

టిక్కెట్టు మీద నాలుగు మాటలు అచ్చు వేయించు. వాన వల్ల వాయిదా పడితే తేదీ నవంబరు 29, ఇదే టిక్కెట్టు చెల్లుతుంది. 29న రాలేనివాళ్లకి పూర్తి డబ్బు వెనక్కి. వడ్డన మొదలయ్యాక వాన వస్తే కార్యక్రమం జరిగినట్టే. 29న కూడా కుదరకపోతే మూడో తేదీ లేదు, అందరికీ డబ్బు వెనక్కి. ఈ మూడోదీ నాలుగోదీ ముందే రాయకపోతే తర్వాత ప్రతి ఇంటితోనూ విడివిడిగా వాదించాల్సి వస్తుంది.

ఇప్పుడు 15న వాయిదా పడిందనే అనుకుందాం. శుక్రవారం నాలుగుంబావుకల్లా ఒకే మెసేజి అందరికీ వెళ్లాలి, గ్రూపులో పెట్టి ఊరుకోకుండా ఎవరిది వాళ్లకి విడిగా. అందులో కొత్త తేదీ, టిక్కెట్టు చెల్లుతుందన్న మాట, ‘మీ ఇంటి నుంచి 29కి ఎంతమంది వస్తారో అంకె మాత్రం బుధవారం సాయంత్రం ఆరులోగా పంపండి’ అన్న అడుగుదల, అంతే. వస్తారా రారా అని అడక్కు. అయిదుగురున్న ఇంట్లో ముగ్గురే రాగలగడం మామూలు, అవును కాదు అంటే ఆ ఇల్లు ఎటూ తేలదు. పుస్తకంలో కూడా టిక్కెట్లుగా కాకుండా తలలుగా రాసుకో: పేరు, ఫోను, 15కి ఎంతమంది, 29కి ఎంతమంది, డబ్బు ఎవరి ఖాతా నుంచి వచ్చింది, వెనక్కి ఎప్పుడు పంపాం.

బుధవారానికి 150 మంది వస్తామన్నారు, 42 మంది రాలేమన్నారు, 48 మంది ఏమీ చెప్పలేదు అనుకో. ఆ 42 మందికి 21,000 రూపాయలు గురువారమే పంపెయ్యి. ఆలస్యం చేస్తే వస్తామన్నవాళ్లకి కూడా అనుమానం పుడుతుంది. డబ్బు ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే వెళ్లాలి. నాలుగిళ్లకి ఒకరే కట్టి ఉంటే ఆ ఒక్కరికే పంపి, ఆ నాలుగిళ్లకీ మాట చెప్పు. ఇంకొకటి, డబ్బు వెనక్కి తీసుకోవడానికి ఎవరూ క్యూఆర్ స్కాన్ చెయ్యక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు అని మెసేజిలోనే రాయి. ఇలాంటి సమయంలో సంఘం పేరు చెప్పి లింకులు పంపే మోసగాళ్లు తయారవుతారు, ముసలివాళ్లు సులువుగా చిక్కుతారు.

చెప్పని 48 మందే అసలు పని. జవాబు లేదు కాబట్టి రారని కొట్టెయ్యకు. తేదీ మార్చింది మనం, వాళ్లు కాదు. వాళ్ల చోటు వాళ్లదే. గురు, శుక్రవారాల్లో ఇద్దరు ముగ్గురు కూర్చుని ఇంటింటికీ ఫోన్లు చెయ్యండి. మెసేజి చూడనివాళ్లు సగం మంది ఫోన్లో ఒక్క నిమిషంలో చెప్పేస్తారు. ఆదివారం 22కల్లా ఇంకా పదిమందో పన్నెండుమందో తేలకుండా మిగిలితే వాళ్లకి భోజనం లెక్కలో వేసి ఉంచు. ఖాళీ అయిన చోట్లు కొత్తవాళ్లకి అమ్మడం ఆ తర్వాతే. ముందే అమ్మేసి, చెప్పని ఇల్లు ఆరుగురితో దిగితే విస్తరి ముందు కూర్చున్నవాళ్లని లేపలేం.

ఇవన్నీ జరగాలంటే డబ్బు చేతిలో ఉండాలి. మొత్తం వసూలు 1,20,000. అందులో 40,000 మాత్రం కార్యక్రమం అయ్యేదాకా కదపకు. అడ్వాన్సులన్నీ మిగతాదాంట్లోంచే. మొత్తం రద్దయి అందరికీ వెనక్కి ఇవ్వాల్సొస్తే ఇంకా కొంత తక్కువ పడుతుంది, అది సంఘం నిధి నుంచి పెట్టుకోవడానికి మీ అధ్యక్షుడి చేత ఇప్పుడే ఒప్పించు.

29కి తేదీ మారితే స్థలం మళ్లీ చూసుకోవాలి, అది చాలామందికి తట్టదు. రైసుమిల్లు కళ్లంలో కార్లు పెట్టుకోవచ్చని నువ్వు అనుకున్నావట. వాన పడ్డాక రైతులు తడిసిన ధాన్యం ఎక్కడ చోటుంటే అక్కడ ఆరబోస్తారు, మిల్లు కళ్లంలోనూ రోడ్డు మీదా. అప్పుడు నీ కార్లకి చోటుండదు, అడగడం కూడా తప్పు. హైస్కూలు గ్రౌండు ఇప్పుడే అడిగి ఉంచు. రెండోది, గాలివాన తర్వాత కొబ్బరి మట్టలు, గెలలు వదులై ఉంటాయి. బంతి వేసే చెట్లకి ఒకటో తేదీకి ముందు ఒకసారి, తుఫాను వచ్చి వెళ్తే 29కి ముందు ఇంకోసారి దింపు తీయించి ఎండుమట్టలు లాగించాలి. తోటవాళ్లకి మామూలు దింపు రోజులు వేరే ఉంటాయి కాబట్టి ముందే ఒప్పుకోవాలి. దింపువాళ్లతో నేను మాట్లాడతాను. ఏ వరసలో బంతి వేస్తావో ఈ ఆదివారంలోగా తోట చూసి నాకు చెప్పు.

పెదనాన్న