మేస్త్రీ పేరు రాస్తే మన మనుషులు కాకుండా పోతారా?

ప్రశ్న: తాడిపత్రిలో మాకు బండల పాలిషింగ్ యూనిట్ ఉంది. పనివాళ్లు 17 మంది. లారీలకు బండలు ఎక్కించడానికి రోజూ నలుగురు కావాలి. మనమే పెట్టుకుంటే 20 దాటి పీఎఫ్ మీద పడుతుందంటున్నారు. మేస్త్రీకి కాంట్రాక్టు ఇవ్వాలా, ఏజెన్సీకి ఇవ్వాలా?

జవాబు: కాగితం మీద కాంట్రాక్టు అని రాసుకున్నంత మాత్రాన సరిపోదండీ. పీఎఫ్ చట్టంలో ఉద్యోగి అంటే కాంట్రాక్టరు ద్వారా వచ్చి మీ పనిలో ఉన్నవాడు కూడా. ఒకసారి 20 మంది అయి పీఎఫ్ పరిధిలోకి వచ్చాక, తర్వాత మనుషులు తగ్గినా బయటపడలేరు.

కడపలో నా దగ్గరికొచ్చిన ఒక యజమానికి ఇదే జరిగింది. మేస్త్రీ పేరిట బిల్లులున్నాయి, కానీ అవి రాసింది యజమాని గుమాస్తానే. ఆ హమాలీల హాజరు కూడా యజమాని పుస్తకంలోనే ఉంది, శనివారం కూలి పంచేదీ ఆయన సూపర్‌వైజరే. అధికారి ఆ పుస్తకం తెరవగానే కాంట్రాక్టు వాదన పోయింది. పాత బకాయిలకు వడ్డీ, డామేజీలు తోడయ్యాయి. మధ్యలో కాంట్రాక్టరు ఉన్నా అసలు యజమాని ఎవరో చూడాలని సుప్రీంకోర్టు 1978లోనే హుస్సేన్‌భాయ్ కేసులో చెప్పింది.

అందుకే ముందు పని ఎలా జరుగుతుందో చూసుకోండి. లారీ వచ్చినప్పుడే మేస్త్రీ తన మనుషులతో వచ్చి, లారీకింత అని తీసుకుని, పక్క యూనిట్లకూ వెళ్తుంటే, ఒకడు రాకపోతే ఇంకొకణ్ణి ఆయనే తెచ్చుకుంటుంటే అది నిజమైన కాంట్రాక్టని చెప్పుకోవచ్చు. అదే నలుగురు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీ షెడ్డులోనే ఉండి మీరు చెప్పిందే చేస్తుంటే వాళ్లు మీ మనుషులు.

ఏజెన్సీతో ఖర్చు తగ్గుతుందనుకోకండి. నెలకు 15,000 జీతంపై యజమాని కట్టే పీఎఫ్ చార్జీలతో కలిపి 13 శాతం, అంటే 1,950. ఈఎస్ఐ 3.25 శాతం, సుమారు 488. నలుగురికి జీతాలతో కలిపి 69,750 అవుతుంది. ఏజెన్సీ ఇదంతా మీ బిల్లులోనే వేస్తుంది. దాని కమిషన్ 8 శాతమనుకుంటే ఇంకో 5,580 పైన పడుతుంది, జీఎస్టీ వేరు. ఏజెన్సీ పీఎఫ్ ఎగ్గొడితే అధికారి మీ గడపే తొక్కుతాడు. ఏజెన్సీకే ఇవ్వాలనుకుంటే దాని సొంత పీఎఫ్ కోడ్ అడగండి. ఆ నలుగురి పేర్లూ ఉన్న పీఎఫ్ జాబితా, దాని చలానా చూడనిదే ఆ నెల బిల్లు చెల్లించకండి.

మీరు రోజూ అంటున్నారు కాబట్టి నా సలహా ఇది. రోజంతా పని ఉంటే నలుగురినీ మీరే తీసుకుని పీఎఫ్ నమోదు చేయించండి. పాత 17 మందిలో 15,000 లోపు జీతం ఉన్నవాళ్లకూ కట్టాలి, ఆ ఖర్చు ఇప్పుడే లెక్క వేసుకోండి. లారీలు రెండు మూడు రోజులకోసారి మాత్రమే వస్తుంటే మేస్త్రీతో లారీ లెక్కన రాసుకోండి, హాజరు ఆయన పుస్తకంలోనే ఉండనివ్వండి. ఒక మాట, ఈఎస్ఐకి పదిమంది చాలు. ఆ నమోదు లేకపోతే ఈ వారమే చేయించండి, బండ జారి కాలు నలిగితే ఆసుపత్రి ఖర్చు మీ మీదే పడుతుంది.