ఖాళీ కడుపున కొరికే నొప్పి: పుండా, గ్యాస్ట్రైటిసా?

“వయసు 46. రెండు నెలలుగా కడుపు పైభాగంలో కొరికినట్టు నొప్పి. రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది, బిస్కెట్లు తింటే తగ్గుతుంది. మోకాళ్లకు డైక్లోఫెనాక్ వాడుతున్నాను. ఇది అల్సరా, గ్యాస్ట్రైటిసా, ఉత్త గ్యాసా?”

అర్ధరాత్రి దాటాక లేపి, తినగానే తగ్గే నొప్పి చిన్నపేగు మొదటి భాగమైన డుయోడినంలో పుండును అనుమానింపజేస్తుంది. జీర్ణాశయపు పుండు నొప్పి తరచుగా తిన్నాక పెరుగుతుంది. అయితే ఎండోస్కోపీలో ఏ లోపమూ కనిపించని ఫంక్షనల్ డిస్పెప్సియాలోనూ ఇటువంటి నొప్పే రావచ్చు కనుక, వేళను బట్టి మాత్రమే నిర్ధారించలేము. ఇక జీర్ణాశయపు లోపొర వాపైన గ్యాస్ట్రైటిస్ చాలామందిలో ఏ నొప్పీ లేకుండానే ఉంటుంది, దాన్ని ఖాయం చేసేది లోపొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీయే.

మీ విషయంలో నాకు అన్నిటికన్నా బరువుగా తోస్తున్నది డైక్లోఫెనాక్. జీర్ణాశయపు లోపొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అది తగ్గిస్తుంది కాబట్టి, తిన్న తర్వాతే వేసుకున్నా ముప్పు పోదు. డాక్టరును అడిగి దాన్ని ఆపి, మోకాళ్లకు పారాసిటమాల్ వంటిది వాడవచ్చేమో చూడండి.

ఇన్ని ఆధారాలున్నప్పుడు గ్యాస్ మాత్రలతో నెలలు గడపడం కంటే ఎండోస్కోపీ చేయించుకోవడమే మేలని నా అభిప్రాయం. అప్పుడే బయాప్సీ తీసి పుండ్లకు ముఖ్య కారణాల్లో ఒకటైన హెలికోబాక్టర్ పైలోరీ క్రిమి కోసం చూస్తారు. ఆమ్లాన్ని తగ్గించే పాంటోప్రజోల్ వాడుతూ ఈ పరీక్ష చేయిస్తే క్రిమి ఉన్నా లేదని రావచ్చు. మామూలుగా రెండు వారాల ముందు ఆ మాత్రను ఆపమంటారు, కానీ మీ అంతట మీరు ఆపకండి.

మలం తారులా నల్లగా జిగటగా వచ్చినా (ఐరన్ మాత్రలతోనూ నలుపు రావచ్చు), రక్తం వాంతి అయినా, నొప్పి హఠాత్తుగా కత్తిపోటులా మారినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.