క్లెయిమ్‌లో కంపెనీ పార్ట్ వేయాలా, లోకల్ వేయాలా? నా కారు అనుభవం

ప్రశ్న: కారు ముందు భాగం గుద్దుకుంది. షెడ్డు వాళ్ళు లోకల్ బంపర్, లోకల్ హెడ్‌లైట్ వేస్తాం, ఇన్సూరెన్స్ వాళ్ళు అదే ఒప్పుకుంటారు అంటున్నారు. ఒరిజినలే వేయమని నేను అడగకూడదా? అసలు ఇది ఎవరు డిసైడ్ చేస్తారు?

అడగొచ్చండి, కాకపోతే అడగాల్సింది ఎస్టిమేట్ రాసే రోజే. పని మొదలుపెట్టాక అడిగితే ఎవరూ పట్టించుకోరు, నాకు అదే జరిగింది.

మన దగ్గర మామూలు కారు పాలసీలో ఒరిజినల్ పార్టే ఇస్తాం అని ఎక్కడా ఉండదు. రిపేరు చేయించడమో, పార్ట్ మార్పించడమో, డబ్బులివ్వడమో ఇన్సూరెన్స్ కంపెనీ ఇష్టం, ఇచ్చేది మాత్రం నిజంగా అయిన, సబబైన ఖర్చు, అందులోంచి పార్ట్ పాతబడినందుకు డిప్రిసియేషన్ కోత, అంతే ఉంటుంది. కాబట్టి నష్టం చూడటానికి వాళ్ళు పంపే సర్వేయర్ చూసేది రెండే. ఆ పార్ట్ మార్చాల్సిందా, టింకరింగ్‌తో సరిపోతుందా అన్నది ఒకటి, రాసిన రేటు సబబేనా అన్నది రెండోది. ఏ బ్రాండ్ డబ్బాలోంచి వస్తుందో దాదాపు షెడ్డే తేలుస్తుంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్తే సాధారణంగా జెన్యూన్ పార్టే వేస్తారు, బయట షెడ్డుకి వెళ్తే మీరు పట్టుబట్టకపోతే లోకల్ మాల్ వచ్చేస్తుంది.

ఇంకో తిరకాసు, లోకల్ అయితే మీకూ కలిసొస్తుంది, అందుకే చాలామంది నోరెత్తరు. నాది అప్పటికి మూడేళ్ళు దాటి నాలుగో ఏడు నడుస్తున్న చిన్న కారు, ఈ కోత లేకుండా చేసే జీరో డెప్ కవర్ తీసుకోలేదు. ప్లాస్టిక్, రబ్బరు పార్టులకి 50% కోత, ఆ వయసు కారుకి ఇనుప పార్టులకి 25%. బంపర్ కంపెనీది 3,000, హెడ్‌లైట్ 4,800 (దాని అద్దం కూడా ప్లాస్టికే, కాబట్టి సగం కోత), అంటే నా జేబులోంచి 3,900. అవే లోకల్‌లో 1,400, 2,200, నా వాటా 1,800. నాకు 2,100 మిగిలింది, వాళ్ళకీ సరిగ్గా అంతే మిగిలింది. బానెట్ 6,000, దాన్ని మాత్రం కంపెనీదే వేయించా, 1,500 నేను కట్టుకున్నా. పైన ప్రతి క్లెయిమ్‌లో మనమే కట్టుకోవాల్సిన తప్పనిసరి డిడక్టిబుల్ 1,000, 1500 సీసీ లోపు కారుకి అంతే, అది ఏ పార్ట్ వేసినా పోయేదే.

ఇప్పుడు ఆ 2,100 ఎక్కడ పోయిందో చెప్తా. బంపర్ క్లిప్పుల బెజ్జాలు ఫెండర్‌తో కలవలేదు, మెకానిక్ డ్రిల్లు పెట్టి స్క్రూ కొట్టేశాడు, కుడివైపు వేలు దూరేంత గ్యాప్ అలాగే ఉండిపోయింది. హెడ్‌లైట్ మొదటి వానలకే లోపల ఆవిరి పట్టింది, కాంతి ఎడమ పక్కకి, చెట్ల మీదకి పోయేది. రెండోసారి నా డబ్బులతోనే మార్చుకున్నా, క్లెయిమ్ మూసేశాక ఎవరినడుగుతాం.

జీరో డెప్ ఉంటే లెక్కే వేరు, కోత ఉండదు కాబట్టి లోకల్ వేయించుకుని మీకు మిగిలేది ఏమీ లేదు, ఒరిజినలే అడగండి.

అన్ని లోకలూ చెత్తేం కాదులెండి. కార్ల కంపెనీకి హెడ్‌లైట్లు సప్లై చేసేవాళ్ళే తమ సొంత డబ్బాలో అమ్ముతారు, దాన్నే ఓఈఎస్ అంటారు, వస్తువు చాలాసార్లు దాదాపు అదే, కారు కంపెనీ ముద్ర ఉండదు, రేటు తక్కువ. ముందు అద్దం కూడా అంతే, పెద్ద అద్దాల కంపెనీ తయారీ అయితే కారు లోగో లేకపోయినా నేను ఒప్పుకుంటా, పైగా అద్దానికి కోత ఉండదు. ఎయిర్‌బ్యాగ్, బ్రేకు సామాన్ల విషయంలో మాత్రం బేరమే వద్దు.

నిజంగా జాగ్రత్త పడాల్సింది బిల్లు ఒకటి, బిగించింది ఒకటి అయినప్పుడు. ఎస్టిమేట్‌లో జెన్యూన్ రేటు రాసి, లోపల లోకల్ బిగించి, తేడా షెడ్డు వాడు మింగేస్తాడు, మీరేమో ఒరిజినల్ రేటు మీద సగం కట్టి వస్తారు. ఎస్టిమేట్‌లో ప్రతి పార్ట్ పక్కన పార్ట్ నంబరు రాయించుకోండి. బిగించే ముందు డబ్బా మీద స్టిక్కర్‌కి, ఎంఆర్‌పీకి ఫోన్‌తో ఫోటో తీసుకోండి. బంపర్ అయితే వెనక్కి తిప్పి చూడండి, నంబరు ప్లాస్టిక్‌లోనే అచ్చుపోసి ఉంటుంది చాలా కార్లకి. పార్టులు కొన్న బిల్లు కాపీ అడగండి, ఇవ్వనంటే అక్కడే అర్థమైపోతుంది. పని అయ్యాక మళ్ళీ చూసుకోడానికి సర్వేయర్‌ని రీఇన్‌స్పెక్షన్‌కి రమ్మనండి, పాత పార్టులు అప్పటిదాకా షెడ్డులోనే ఉంచమని చెప్పండి, అవి సాల్వేజ్ కింద ఇన్సూరెన్స్ వాళ్ళ లెక్కలోకి వెళ్తాయి.

మీది ఇంకా ఎస్టిమేట్ దశలోనే ఉంటే, హెడ్‌లైట్ వరకైనా జెన్యూన్ గానీ ఓఈఎస్ గానీ రాయమని ఇవాళే షెడ్డు వాడికి చెప్పి, ఆ కాగితం సర్వేయర్‌కి వాట్సాప్‌లో పంపించేయండి.